వడ్డీలో కలిసొచ్చే అసలు

మా ఊరి హైస్కూల్లో చదువుకున్నవాళ్లం కొందరం కలిసి ఒక నిధి పెట్టుకున్నాం. పదో తరగతి దాటి కాలేజీలో చేరే పిల్లలు ఆరుగురికి ఏటా తలా 15 వేలు ఇవ్వాలన్నది సంకల్పం. తీర్మానంలో ఒక్క షరతు మాత్రం గట్టిగా రాసుకున్నాం. అసలు ముట్టుకోకూడదు, వడ్డీ మాత్రమే ఖర్చు పెట్టాలి. చందాలు పోగేస్తే 11 లక్షల దాకా తేలింది. లెక్కలు చూసే పని నా నెత్తిన పడింది.

2020 తొలి నెలల్లో ఆ డబ్బుతో ఒక ప్రభుత్వ రంగ సంస్థ బాండు కొన్నాం. ముఖ విలువ 10 లక్షలు. ఏటా 9 శాతం, అంటే 90 వేలు చేతికొస్తుంది. గడువు తీరడానికి సరిగ్గా ఐదేళ్లుంది. ఆ ఏటి వడ్డీ ముందు రోజే పాత యజమానికి పడిపోయింది కాబట్టి ఆ లెక్కతో మాకు పేచీ లేదు. ధర మాత్రం 10 లక్షలు కాదు, 10,82,004 రూపాయలు. ఎక్కువే అనిపించింది. కానీ బ్యాంకు డిపాజిట్లు ఆరు శాతం దగ్గర తచ్చాడుతున్న రోజుల్లో తొమ్మిది శాతం అని చూసేసరికి కళ్లు మెరిశాయి. పైగా ఆరుగురికి 15 వేల చొప్పున 90 వేలు. లెక్క అతికినట్టు సరిపోయింది.

రెండేళ్లు అలాగే ఇచ్చాం. మూడో ఏడు మా కమిటీలోకి, బళ్లో నాకంటే ఐదారేళ్లు సీనియర్ అయిన ఒక అక్క వచ్చింది. బ్యాంకు ట్రెజరీ విభాగంలో పనిచేసి రిటైరయిన మనిషి. ఆవర్జా తిరగేస్తూ బాండు పేజీ దగ్గర ఆగింది.

‘‘తమ్ముడూ, ఈ తొంభై వేలూ వడ్డీయేనా?’’

‘‘బాండు మీద తొమ్మిది శాతం అని ఉంది కదక్కా.’’

‘‘దాని మీద రాసిన సంగతి కాదు. పది లక్షల ఎనభై రెండు వేలు పెట్టి కొన్నావు. ఆఖర్న ఎంతొస్తుంది?’’

‘‘పది లక్షలు.’’

‘‘మరి ఆ ఎనభై రెండు వేలూ ఎటు పోయినట్టు?’’

నా దగ్గర జవాబు లేదు. అక్క కాగితం తీసుకుని రాసి చూపించింది. అప్పటిదాకా ప్రీమియం అంటే సినిమా బ్లాకు టికెట్ లాంటిదనుకునేవాణ్ణి. ఎక్కువ పెట్టి కొన్నాం, ఆ ఎక్కువ పోయింది, అంతే అనుకున్నాను. అది పోయిన డబ్బు కాదని, ఏటేటా మా చేతికే తిరిగొస్తోందని, మేమే దాన్ని వడ్డీ అనుకుని పంచేస్తున్నామని ఆ సాయంత్రం తెలిసింది.

అసలు ధర ఎందుకంత పెరిగిందన్న దగ్గర మొదలుపెట్టింది అక్క. బాండు మీద అచ్చయిన వడ్డీ రేటును కూపన్ అంటారు. అది పుట్టిన రోజున ఎంతుంటే చివరిదాకా అంతే, మారదు. మా బాండు పుట్టింది 2014 ప్రాంతంలో. ఆ ఏడాది జనవరిలో రిజర్వ్ బ్యాంకు రెపో రేటు 8 శాతానికి చేరింది. కేంద్ర ప్రభుత్వమే దీర్ఘకాలపు అప్పు మీద 9 శాతం పైన ఇచ్చిన కాలమది. 9.23% GS 2043 అనే ప్రభుత్వ బాండు ఇప్పటికీ ఆ పేరుతోనే తిరుగుతూ, 2013 చివరి రోజుల వేడిని గుర్తు చేస్తుంటుంది. 2019 అక్టోబరుకు రెపో 5.15కు దిగింది. మేం కొనేనాటికి, మా బాండంత భద్రత, అంత గడువు ఉన్న కొత్త బాండ్లు 7 శాతమే ఇస్తున్నాయి.

అంటే 10 లక్షల మీద కొత్త బాండు ఏటా 70 వేలిస్తుంటే మాది 90 వేలిస్తుంది. 20 వేలు అదనం, ఐదేళ్లపాటు. అమ్మేవాడు ఆ అదనాన్ని ఊరికే వదులుకోడు. అలాగని లక్ష అడగనూ లేడు, ఎందుకంటే ఆ లక్ష ఇవాళే రాదు, ఐదు ముక్కలుగా ఐదేళ్లలో వస్తుంది. ఏడాది తర్వాత వచ్చే 20 వేలకు 7 శాతం లెక్కన ఇవాళ్టి విలువ 18,692. ఐదేళ్ల తర్వాత వచ్చే 20 వేలకైతే 14,260 మాత్రమే. ఐదింటినీ అలా నేటి విలువకు తెచ్చి కూడితే వచ్చేది 82,004. అదే మేం కట్టిన ప్రీమియం. మరోలా చెప్పాలంటే, ఏటా రాబోయే అదనపు 20 వేలను మేం ముందే డబ్బిచ్చి కొనుక్కున్నాం. మన డబ్బుతో మనం కొనుక్కున్నది ఇంటికొస్తే దాన్ని ఆదాయం అనం కదా.

ఆ మాట ఒంటబట్టాక తక్కినదంతా వడ్డీ వ్యాపారి లెక్కే. బాండు మీద అచ్చయిన 9 శాతాన్ని, 10 లక్షలను కాసేపు మరిచిపోవాలి. మేం ఒకరికి 10,82,004 రూపాయలు 7 శాతం వడ్డీకి అప్పిచ్చాం అనుకోవాలి. మొదటి ఏడాది మాకు రావలసిన వడ్డీ, 10,82,004 మీద 7 శాతం, అంటే 75,740. అవతలివాడు పంపింది 90 వేలు. వడ్డీ పోను మిగిలిన 14,260 ఏమిటి? అసలులో జమ. కాబట్టి అతను మాకు ఇంకా బాకీ ఉన్నది 10,67,744. ఇలా ఏడాది చివర తేలే బాకీనే క్యారీయింగ్ వాల్యూ అంటారు, అంటే మన పుస్తకాల్లో ఆ రోజుకు బాండు నిలిచి ఉన్న విలువ. ప్రీమియాన్ని ఇలా ఏటా కొంత తరిగించడం అమార్టైజేషన్. మొదట్లో కుదిరిన 7 శాతాన్నే ప్రతి ఏడాదీ ఆ ఏటి ప్రారంభ విలువ మీద కట్టడమే ఎఫెక్టివ్ ఇంటరెస్ట్ పద్ధతి. పేరే భారీ, పని చిన్నది.

ఇంటి అప్పు తీసుకున్నవాళ్లు బ్యాంకు ఇచ్చే ఈఎంఐ పట్టిక చూసే ఉంటారు. కిస్తీ ఒకటే, అందులో వడ్డీ వాటా నెలనెలా తగ్గుతూ, అసలు వాటా పెరుగుతూ పోతుంది. ఇదీ అదే పట్టిక. కాకపోతే ఇక్కడ బ్యాంకు కుర్చీలో కూర్చున్నది మనం, ఆఖరి రోజున 10 లక్షలు ఒక్కసారిగా వస్తుంది. అక్క గీసిన పట్టిక ఇది.

| ఏడాది | మొదట్లో విలువ | 7% వడ్డీ | చేతికొచ్చింది | తరిగిన ప్రీమియం | చివర్లో విలువ |
|---|---|---|---|---|---|
| 1 | 10,82,004 | 75,740 | 90,000 | 14,260 | 10,67,744 |
| 2 | 10,67,744 | 74,742 | 90,000 | 15,258 | 10,52,486 |
| 3 | 10,52,486 | 73,674 | 90,000 | 16,326 | 10,36,160 |
| 4 | 10,36,160 | 72,531 | 90,000 | 17,469 | 10,18,691 |
| 5 | 10,18,691 | 71,309 | 90,000 | 18,691 | 10,00,000 |

ఐదో వరుసలో 7 శాతం కడితే నిజానికి 71,308 వస్తుంది. పైసలు వదిలేస్తూ రావడం వల్ల చివరకు ఒక రూపాయి తేడా పడింది, దాన్ని ఆఖరి ఏట సర్దేశాం. రూపాయి, రెండు రూపాయలైతే సరే. వందల్లో, వేలల్లో తేడా వస్తే మాత్రం సర్దకూడదు, వెతకాలి. ఎక్కడో రేటు తప్పి ఉంటుంది.

పట్టికలో తరిగిన ప్రీమియం నిలువు వరుసను మాత్రం కాస్త ఆగి చూడండి. 14,260ని 1.07తో హెచ్చిస్తే 15,258. దాన్ని మళ్లీ 1.07తో హెచ్చిస్తే 16,326. తరుగు కూడా ఏటా సరిగ్గా 7 శాతం చొప్పున పెరుగుతోంది. కారణం తేలికే. ఒక ఏడాది అసలు ఎంత తగ్గిందో, దాని మీద 7 శాతం మేర మరుసటి ఏడాది వడ్డీ తగ్గుతుంది. వచ్చే 90 వేలు మారదు కాబట్టి ఆ తగ్గినంతా అసలు వాటాలోకి వెళ్లి చేరుతుంది. ఎవరైనా మీ ముందు ఇలాంటి పట్టిక పెడితే మొత్తం తిరిగి కట్టక్కర్లేదు. ఆ ఒక్క వరుసలో పక్కపక్క అంకెలను భాగించి చూస్తే చాలు, పట్టిక ఏ రేటుతో కట్టారో బయటపడుతుంది.

చిట్టాలో రాసేటప్పుడు మొదటి ఏటి పద్దు ఇలా ఉంటుంది. బ్యాంకు ఖాతాకు 90,000 డెబిట్. వడ్డీ ఆదాయానికి 75,740 క్రెడిట్, బాండు ఖాతాకు 14,260 క్రెడిట్. నేను రాసిందేమో మొత్తం 90 వేలూ వడ్డీ ఆదాయమని. అలా రాస్తే బాండు ఖాతాలో 10,82,004 కదలకుండా కూర్చుంటుంది. ఐదేళ్లూ ఆదాయం ఘనంగా కనిపిస్తుంది. ఆరోజు బాండు మీద 10 లక్షలు రాగానే 82,004 రూపాయల నష్టం పిడుగులా ఊడిపడుతుంది. నిజానికి ఆరోజు ఎవరూ నష్టపోలేదు. ఐదేళ్లుగా కొంచెం కొంచెం తింటూ వచ్చింది ఆరోజు కనబడుతుంది, అంతే.

‘‘ఇంత గొడవెందుకక్కా, 82 వేలను ఐదుతో భాగించి ఏటా 16,401 తీసేస్తే పోలా?’’ అన్నాను. దాన్ని స్ట్రెయిట్ లైన్ పద్ధతి అంటారు. చిన్న నిధులు, చిన్న సంఘాలు చాలావరకు అలాగే చేస్తాయి, తేడా నామమాత్రమైతే ఎవరూ పట్టించుకోరు కూడా. కానీ దాంతో చిక్కు ఏమిటో చూడండి. అలా చేస్తే ఏటా ఆదాయం ఒకటే, 73,599. మొదటి ఏడాది మన పెట్టుబడి 10,82,004 కాబట్టి మనకు గిట్టిన రేటు 6.8 శాతం. ఐదో ఏడాది మొదట్లో పుస్తక విలువ 10,16,401 మాత్రమే కాబట్టి రేటు 7.24 శాతం. బాండు అదే, ఒప్పందం అదే, రేటు మాత్రం ఏటా ఎక్కుతున్నట్టు పుస్తకాలు చెబుతాయి. మనం కొన్నది ఐదేళ్లకూ కలిపి 7 శాతం బాండు. ఏ ఏడాది చూసినా 7 శాతమే కనబడాలి. అందుకే కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 109 అనే అకౌంటింగ్ ప్రమాణం ఎఫెక్టివ్ ఇంటరెస్ట్ పద్ధతినే కోరుతుంది.

ఇక ఆ 7 శాతం ఎక్కణ్ణుంచి తేవాలి? బాండు కాగితం మీద ఉండదు. కొన్న ధర, రాబోయే సొమ్ములు, గడువు, ఈ మూడూ తెలిస్తే కంప్యూటర్లో ఏ స్ప్రెడ్‌షీట్ అయినా చెప్పేస్తుంది.

```
=RATE(5, 90000, -1082004, 1000000)
```

ఐదేళ్లు, ఏటా వచ్చే 90 వేలు, ఇవాళ మన చేతి నుంచి పోయిన మొత్తం, ఆఖర్న వచ్చే 10 లక్షలు. పోయిన సొమ్ముకు ముందు మైనస్ గుర్తు మరిచిపోతే లెక్క తప్పు అని మొరాయిస్తుంది. సరిగ్గా రాస్తే 7% అని వస్తుంది.

అక్క తన ఉద్యోగంలో చూసిన తప్పులు చెబుతుంటే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారన్నమాట. అన్నిటికంటే ఎక్కువ కనిపించేది రేట్లు తారుమారు చేయడం. 7కు బదులు కూపన్ రేటు 9ని తీసుకుని 10,82,004 మీద కడితే వడ్డీ 97,380 వస్తుంది. చేతికొచ్చింది 90 వేలే కాబట్టి తక్కిన 7,380 బాండు విలువకు కలుస్తుంది. ప్రీమియం మీద కొన్న బాండు పుస్తక విలువ ఏడాది చివర పెరిగి కనబడిందంటే ఇదే జరిగిందని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. అది దిగాలి తప్ప ఎక్కకూడదు.

రెండోది కొంచెం లోతైనది. మేం కొన్న కొద్ది రోజులకే, 2020 మార్చి ఆఖర్న, రెపోను రిజర్వ్ బ్యాంకు 4.40కి దించింది. మార్కెట్లో రాబడి రేట్లూ మారిపోయాయి. మరి మా పట్టికలో 7ని కూడా మార్చాలా? అక్కర్లేదు. ఆ 7 మార్కెట్ రేటు కాదు, మేం కొన్నరోజున మాకు కుదిరిన రేటు. గడువుదాకా ఉంచుకోవాలని కొన్న బాండుకు అది పెళ్లినాటి ముహూర్తం లాంటిది, ఆ తర్వాత గ్రహాలు ఎటు తిరిగినా మారదు. మార్కెట్ ధర ఎక్కినా దిగినా ఈ పట్టికకు సంబంధం లేదు. దాన్ని బట్టి ఏటా విలువ తిరిగి కట్టే పద్ధతులు వేరే ఉన్నాయి, వాటిని ఇందులో కలపకూడదు.

మేం వడ్డీ పడిన మర్నాడే కొన్నాం కాబట్టి ఒక చిక్కు తప్పింది. వడ్డీ తేదీల మధ్యలో కొంటే, అప్పటిదాకా పాత యజమాని సంపాదించిన వడ్డీని అతనికి విడిగా కట్టాలి. ఆరు నెలల మీద కొంటే మా బాండుకు అది దాదాపు 45 వేలు. చాలామంది ధరనూ దాన్నీ కలిపి ప్రీమియం అనుకుని ఐదేళ్ల మీద తరిగిస్తారు. అది ప్రీమియం కాదు, కొద్ది నెలల్లో వచ్చే మొదటి కూపన్‌లోనే పూర్తిగా తిరిగొచ్చే చేబదులు. బ్రోకరు ఇచ్చిన కాంట్రాక్ట్ నోటులో రెండూ విడిగానే ఉంటాయి, చూసుకుంటే చాలు. ప్రభుత్వ బాండ్లు కొనేవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి. అవి ఆరు నెలలకోసారి వడ్డీ ఇస్తాయి. అక్కడ ఐదేళ్లంటే ఐదు వరుసలు కాదు పది, 7 శాతమంటే ఒక్కో వరుసకు 3.5.

మధ్యలో అమ్మాల్సి వస్తే ఏమవుతుందని అడిగాను. మూడో ఏడు వడ్డీ తీసుకున్న మర్నాడు 10,30,000కు అమ్మామనుకుందాం. ముఖ విలువతో పోల్చేవాడు 30 వేలు లాభం అంటాడు. కొన్న ధరతో పోల్చేవాడు 52,004 నష్టం అంటాడు. ఇద్దరిదీ తప్పే. ఆరోజుకు పుస్తక విలువ 10,36,160, కాబట్టి నష్టం 6,160. ఏటేటా క్యారీయింగ్ వాల్యూ పట్టి ఉంచుకునేది ఇలాంటి రోజు కోసమే.

ఇంకో సందేహం కూడా నన్ను పీడించింది. మేం ఇచ్చిన 82 వేలు ఆ ప్రభుత్వ రంగ సంస్థకు చేరిందా? లేదు. మేం కొన్నది మార్కెట్లో, అమ్మినవాడి దగ్గర. ప్రీమియం అతని జేబులోకి వెళ్లింది. అప్పు తీసుకున్న సంస్థ పుస్తకాల్లో ఈ చేతులు మారడం వల్ల ఒక్క అంకె కూడా కదలదు. ఆ సంస్థే మొదట్లో బాండును ప్రీమియానికి అమ్ముకుని ఉంటే, ఇదే పట్టికను అద్దంలో చూసినట్టు రాసుకునేది. మనకు వడ్డీ ఆదాయమైన వరుస వాళ్లకు వడ్డీ ఖర్చు, మనకు తరుగుతున్న ఆస్తి వాళ్లకు తరుగుతున్న అప్పు.

బ్యాంకుల గురించి అక్క చెప్పిన ముచ్చట ఒకటి నాకు బాగా నచ్చింది. గడువుదాకా ఉంచుకునే బాండ్లను ముఖ విలువ కంటే ఎక్కువకు కొంటే, ప్రీమియం తరిగించి తీరాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఎప్పటినుంచో ఉంది. తక్కువకు కొంటే మాత్రం ఆ డిస్కౌంటును ఏటా ఆదాయంగా చూపనిచ్చేది కాదు, గడువు తీరాకే. నష్టం వైపు ముందే, లాభం వైపు ఆఖర్న. మన పెద్దల కాపీనం అందులో కనబడుతుంది. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల్లో రెండు వైపులా తరిగించడం వచ్చింది.

ఇదంతా అయ్యాక అసలు సంగతికొచ్చాం. రెండేళ్లలో మేం పంచింది లక్షా 80 వేలు. అందులో నిజమైన వడ్డీ 1,50,482. మిగిలిన 29,518 అసలులోది. ముట్టుకోకూడదని మేమే తీర్మానం రాసి, మేమే ముట్టుకున్నాం. ‘‘పిల్లల దగ్గరకెళ్లి అడుగుతామా ఏంటి?’’ అంది అక్క. తలా పది వేలు వేసుకుందామని ఒకరన్నారు, వద్దని ఇద్దరన్నారు. చివరకు ఆ సంగతి ఉన్నదున్నట్టు మినిట్స్ పుస్తకంలో రాసి, పాత పద్దులు సరిదిద్ది, బాండు విలువను 10,52,486కు దించాం.

మూడో ఏడు నుంచి 90 వేలు రాగానే ముందు పట్టిక చూసి, ఆ ఏటి ప్రీమియం వాటాను విడిగా ఒక డిపాజిట్లో వేశాం. మూడో ఏడు 16,326, తర్వాత 17,469, ఆఖర్న 18,691. పిల్లలకు ఇచ్చేది తలా 15 వేల నుంచి 12 వేలకు, ఆఖరి ఏడు ఇంకొంచెం కిందికి దిగింది. ఒకరిద్దరు తల్లిదండ్రులు ఎందుకు తగ్గిందని అడిగారు కూడా. బాండు గడువు తీరిన రోజు ఖాతాలో 10 లక్షలు పడింది. పక్కన డిపాజిట్లో వేసుకున్న 52,486 ఉంది, దాని మీద వచ్చిన కాస్త వడ్డీ వేరే. రెండూ కలిపితే 10,52,486. అక్క మూడేళ్ల కిందట పాత పద్దులు సరిదిద్ది, బాండు పేజీ అడుగున పెన్సిల్‌తో రాసి పెట్టిన అంకె అది.